దారిలో ఇరుక్కుపోయి ఫ్లైట్ అందదనిపిస్తే: పరుగెత్తాలా, టికెట్ మార్చాలా, రైలెక్కాలా?

శ్రీకాకుళంలో టికెట్లు బుక్ చేసే షాపు నడుపుతున్నాను. రైలు, బస్సు, విమానం అన్నీ చూస్తాం. నాకు వచ్చే ఫోన్లలో అన్నిటికంటే గాబరాగా ఉండేది ఒకటే. హైవే మీద కారు ఆగిపోయి ఉంటుంది, వెనక హారన్లు వినిపిస్తుంటాయి, అవతలి మనిషి "అన్నా, ఫ్లైట్ అందేలా లేదు, ఏటి చేద్దామంటావు?" అంటాడు. ఆ సమయంలో ఏది ఎంచుకుంటే ఎంత పోతుందో, కౌంటర్ దగ్గర ఏం మాట్లాడాలో నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల నుంచి విశాఖ విమానాశ్రయానికి వెళ్లి అక్కడి నుంచి దేశంలోపల ఎక్కే ఫ్లైట్ల గురించే ఈ లెక్కంతా. భోగాపురం నుంచి ఎక్కేటప్పుడు దూరాలు మారిపోతాయి కాబట్టి ముందు టికెట్ మీద ఏ విమానాశ్రయం పేరుందో చూసుకోండి.

ఒక కేసుతో మొదలుపెడతాను. తల్లీకొడుకులు ఇద్దరు సాయంత్రం 4:20 ఫ్లైట్‌కి హైదరాబాద్ వెళ్లాలి. మర్నాడు ఉదయం అమ్మగారికి ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్. మధ్యాహ్నం 12:30కి శ్రీకాకుళంలో కారెక్కారు. రణస్థలం దాటుతుండగా ముందెక్కడో లారీ అడ్డం పడింది. 1:40కి అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. పెద్ద సూట్‌కేసు ఒకటి, చేతి సంచులు రెండు ఉన్నాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, వేగంగా నడవలేరు.

"ఇంకా రెండు గంటల నలభై నిమిషాలుంది కదన్నా" అన్నాడు. అందరూ పొరబడేది ఇక్కడే. 4:20 అనేది విమానం కదిలే సమయం. మనకు పనికొచ్చే సమయాలు వేరే మూడున్నాయి.

మూడు గడువులు

మొదటిది టికెట్ మార్చుకునే గడువు. దేశీయ ప్రయాణానికి చాలా సంస్థలు విమానం బయలుదేరడానికి 2 గంటల ముందు వరకే వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో తేదీ, సమయం మార్చుకోనిస్తాయి. వీళ్లకైతే అది 2:20. రెండోది చెక్-ఇన్ కౌంటర్ మూసే సమయం, సాధారణంగా 60 నిమిషాల ముందు, అంటే 3:20. పెద్ద బ్యాగు ఇవ్వాలంటే ఆ లోపే ఇవ్వాలి. మూడోది బోర్డింగ్ గేటు మూసే సమయం, సాధారణంగా 25 నిమిషాల ముందు, అంటే 3:55. సంస్థను బట్టి, టికెట్ రకాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి. మీ టికెట్‌తో వచ్చిన ఈమెయిల్లో అడుగున రాసి ఉంటాయి. ట్రాఫిక్‌లో ఆగగానే ముందు అది తెరవండి.

ఈ మూడింటిలో జనం పట్టించుకోనిది మొదటిదే. డబ్బు ఎక్కువగా పోయేది కూడా దాని దగ్గరే. 3:20కి అందుకోగలమా లేదా అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటారు, ఈలోగా 2:20 దాటిపోతుంది. దాటాక చేతిలో మిగిలేది రెండే: అందుకోవడం, లేదా టికెట్ పోగొట్టుకోవడం. అందుకే ఫోన్ రాగానే నేను "ఎక్కడున్నారు?" అని అడిగాక వెంటనే "మార్చుకునే గడువు ఎంతవరకు ఉంది?" అని అడుగుతాను.

రణస్థలం నుంచి విశాఖ విమానాశ్రయం 80 కిలోమీటర్ల దరిదాపు. ఆనందపురం దాకా రోడ్డు బాగానే ఉంటుంది, వేగంగా వచ్చేస్తాం. టైమ్ తినేది ఆనందపురం తర్వాతే. మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం మీదుగా ఎన్ఏడీ వరకు నగరం మధ్యలోంచి వెళ్లాలి. సాయంత్రం రద్దీలో అది ఒక్కోసారి గంట దాటుతుంది. ఆనందపురం నుంచి పెందుర్తి వైపు తిరిగి, వేపగుంట, గోపాలపట్నం మీదుగా వస్తే దూరం కాస్త ఎక్కువే గానీ ఆ సిగ్నళ్లు తగలవు. విజయనగరం వాళ్లకు కొత్తవలస, పెందుర్తి మీదుగా ఇంకో దారి ఉంది. ఏ దారి మంచిదో ఆ నిమిషంలో ఫోన్‌లో మ్యాప్ చూసి తేల్చుకోవాలి. ఆనందపురం కూడలి దాటాక మనసు మార్చుకుంటే వెనక్కి తిరగడం కష్టం. అందుకని తగరపువలస దగ్గరే చూసి డ్రైవర్‌కి చెప్పేయండి.

వీళ్ల విషయంలో నేను వేసిన లెక్క ఇది. రోడ్డు ఆ క్షణమే తెరుచుకున్నా రణస్థలం నుంచి విమానాశ్రయానికి గంటా యాభై నిమిషాలు. అంటే 3:30. పెద్ద బ్యాగు ఇవ్వడానికి అప్పటికే పది నిమిషాలు ఆలస్యం. రోడ్డు 2 గంటలకు తెరుచుకుంటే చేరేసరికి 3:50. గేటు మూయడానికి ఐదు నిమిషాలుంటుంది. తనిఖీ లైను దాటి, మోకాళ్ల నొప్పులున్న మనిషిని గేటు దాకా నడిపించడానికి ఆ ఐదు నిమిషాలు సరిపోవు. "2 గంటలకి కారు చక్రం కదలకపోతే మార్చేద్దాం. అప్పటిదాకా రాత్రి ఫ్లైట్లలో సీట్లు చూస్తుంటాను" అన్నాను.

మార్చుకుంటే ఎంత, వదిలేస్తే ఎంత

టికెట్ మార్చడానికి రెండు ఖర్చులుంటాయి. ఒకటి ఛేంజ్ ఛార్జీ, మనిషికి ఇంత అని. రెండోది ధర తేడా. నెల ముందు కొన్న టికెట్‌కీ, ఈ రాత్రికి అమ్ముతున్న టికెట్‌కీ మధ్య ఎంత తేడా ఉంటే అంతా కట్టాలి. చాలామంది ఛేంజ్ ఛార్జీ మాత్రమే చూసి "మూడు వేలే కదా" అనుకుంటారు, కట్టేచోట పెద్ద అంకె కనబడగానే కంగారుపడి వెనక్కి వచ్చేస్తారు. ఆ కంగారులో గడువు దాటిపోతుంది.

వీళ్ల టికెట్ ఒక్కొక్కటి 4,650 రూపాయలు. అదే సంస్థకి రాత్రి 8:35కి ఇంకో ఫ్లైట్ ఉంది, దాని ధర ఆ సమయానికి 6,050. ధర తేడా 1,400, ఛేంజ్ ఛార్జీ 3,000, కలిపి మనిషికి 4,400. ఇద్దరికీ 8,800.

మార్చకుండా వదిలేసి కొత్త టికెట్ కొంటే? ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. మీరు అసలు ఎక్కకపోయినా, టికెట్ మీద "నాన్ రిఫండబుల్" అని రాసి ఉన్నా, దానిలోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ వినియోగదారుల రుసుము, భద్రతా రుసుము తిరిగి ఇవ్వాలని, విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. అవి మీరు ఆ విమానాశ్రయాన్ని వాడుకున్నందుకు కట్టేవి. వాడుకోనప్పుడు ఆ డబ్బు సంస్థది కాదు. వీళ్ల టికెట్లో అలా వెనక్కి వచ్చేది మనిషికి 700 రూపాయలు. అదే సంస్థలో కొత్త టికెట్ కొంటే 6,050లోంచి 700 తీసేస్తే 5,350. ఇంకో సంస్థకి రాత్రి 9 దాటాక ఒక ఫ్లైట్ ఉంది, 5,400. దానిలోంచి 700 తీసేస్తే 4,700. అంటే మార్చుకోవడమే మనిషికి 300 చవక. పైగా రీఫండ్ కోసం ఎదురుచూసే పని లేదు.

కానీ ఇది ప్రతిసారీ ఇలాగే ఉండదు. అదే టికెట్‌ని ఆఫర్‌లో 2,900కి కొని ఉంటే ధర తేడా 3,150 అయ్యేది. దానికి ఛేంజ్ ఛార్జీ 3,000 కలిపితే 6,150. కొత్త టికెట్ ధర కంటే మార్పిడి ఖర్చే ఎక్కువన్నమాట! అలాంటప్పుడు పాతది క్యాన్సిల్ చేసి పన్నులు వెనక్కి తీసుకుని, కొత్తది కొనుక్కోవాలి. క్యాన్సిల్ ఛార్జీ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదని కూడా నిబంధన ఉంది. కాబట్టి పన్నుల భాగం ఎలాగూ మీకు మిగులుతుంది. ఖరీదైన టికెట్ అయితే మార్చుకోండి, చవక టికెట్ అయితే రెండు లెక్కలూ వేసి చూడండి. కాగితం మీద రాసుకునేంత టైమ్ లేకపోతే ఇంతే గుర్తుపెట్టుకోండి: కట్టాల్సిన మార్పిడి మొత్తం ఒకవైపు, కొత్త టికెట్ ధరలోంచి వచ్చే పన్నులు తీసేసిన అంకె ఇంకోవైపు. ఏది తక్కువైతే అది.

డబ్బు కట్టే ముందు ఇంకొకటి చూడండి. మీ ఫ్లైటే ఆలస్యంగా నడుస్తుండవచ్చు. ఫ్లైట్ నంబరు కొట్టి సంస్థ యాప్‌లో స్టేటస్ చూడండి. సంస్థే కొత్త సమయం ప్రకటించి ఉంటే మీ డబ్బుతో మార్చుకునే అవసరమే రాకపోవచ్చు. ఆలస్యం 6 గంటలు దాటుతుందంటే వేరే ఫ్లైటో పూర్తి రీఫండో కోరుకునే హక్కు మీకుంది. అయితే ఎక్కడో వెబ్‌సైట్‌లో "అరగంట లేట్" అని కనబడినంత మాత్రాన కౌంటర్ కూడా అరగంట ఎక్కువసేపు తెరిచి ఉంటుందనుకోకండి. సంస్థ నుంచి మెసేజ్ వస్తేనే నమ్మండి. లేకపోతే పాత సమయమే లెక్క.

2:05 అయింది. కారు కదల్లేదు. 2:12కి నేను టికెట్లు రాత్రి 8:35కి మార్చేశాను. 2:25కి రోడ్డు తెరుచుకుందట, అబ్బాయి మళ్లీ ఫోన్ చేసి "తొందరపడ్డామేమో అన్నా" అన్నాడు. వాళ్లు విమానాశ్రయం చేరేసరికి 4:35.

పరుగెత్తడం ఎప్పుడు సరైనది

మరి మార్చకుండా పరుగెత్తమని ఎవరికి చెబుతాను? ఒంటరిగా వెళ్లేవాళ్లకు, పెద్ద బ్యాగు వదిలేయగలిగిన వాళ్లకు, నగరం అంచుకి వచ్చేసిన వాళ్లకు.

విజయనగరం అమ్మాయి ఒకామె, నర్సు ఉద్యోగంలో చేరడానికి హైదరాబాద్ వెళ్తోంది. సాయంత్రం 6:30 ఫ్లైట్. అన్నయ్య కారులో దింపడానికి వచ్చాడు. 4:55కి ఎండాడ దగ్గర ఇరుక్కున్నారు. అక్కడి నుంచి విమానాశ్రయం 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 5:30కి కౌంటర్ మూసేస్తారు, అందదు. గేటు మూసేది 6:05కి, అది అందొచ్చు. మార్చుకునే గడువు 4:30కే అయిపోయింది. కాబట్టి ఇక లెక్కలతో పని లేదు, పరుగే.

మొదట వెబ్ చెక్-ఇన్ చేయించాను. ఇది కూడా సాధారణంగా గంట ముందే ఆగిపోతుంది. కారులో కూర్చుని 4:58కి బోర్డింగ్ పాస్ ఫోన్‌లోకి దించుకుంది. తర్వాత సూట్‌కేసు తెరవమన్నాను. అమ్మాయి కారు వెనక సీట్లో తిరిగి కూర్చుని, ముందు సర్టిఫికెట్ల ఫైలు తీసింది, తర్వాత రెండు జతల యూనిఫాం, ఛార్జరు, డబ్బు, మందులు. చేతి సంచికి 7 కిలోలు పరిమితి. ఆవకాయ సీసా, నెయ్యి డబ్బా సంచిలో పెట్టబోతే వద్దన్నాను. తనిఖీ దగ్గర వాటిని పక్కకి తీస్తే సంచి మళ్లీ విప్పి చూపించాలి, ఉన్న పది నిమిషాలూ అక్కడే పోతాయి. కత్తెర, చిన్న చాకు లాంటివీ అంతే. సూట్‌కేసు అన్నయ్య వెనక్కి తీసుకెళ్లి, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పార్సిల్ వేశాడు.

5:42కి దిగింది. విశాఖలో 2024 సెప్టెంబరు నుంచి, ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర ఉంది. ముందే యాప్‌లో పేరు నమోదు చేసి, బోర్డింగ్ పాస్ ఎక్కించి ఉంటే లోపలికి వెళ్లే దగ్గర లైను తగ్గుతుంది. ఈ అమ్మాయికి అది లేదు. మామూలు లైనులోనే గుర్తింపు కార్డు చూపించి వెళ్లింది. తనిఖీ లైనులో ముందున్న వాళ్లతో ఒకటే మాట చెప్పమన్నాను: "నా గేటు ఇరవై నిమిషాల్లో మూసేస్తారు, ముందుకు వెళ్లనిస్తారా?" జరిగి దారి ఇచ్చారు. గేటు దగ్గరకి 6 గంటలకి చేరింది.

వెబ్ చెక్-ఇన్ గురించి ఒక చిక్కు కూడా చెప్పాలి. ఒకసారి చెక్-ఇన్ అయిపోయిన టికెట్‌ని కొన్ని సంస్థల యాప్‌లో మార్చడం కుదరదు. ముందు చెక్-ఇన్ రద్దు చేయాలి, దానికి కాల్ సెంటర్‌కి ఫోన్ చేయాల్సి రావచ్చు. కాబట్టి మార్చుకునే గడువు ఇంకా ఉండి, అందుకుంటామో లేదో తేలని స్థితిలో ఉంటే ముందు మార్పు సంగతి తేల్చండి, చెక్-ఇన్ తర్వాత. ఇంటి దగ్గరే చెక్-ఇన్ చేసుకుని బయలుదేరి ఉంటే, కారులో ఇద్దరున్నప్పుడు ఒకరి ఫోన్‌తో కాల్ సెంటర్‌కి చేసి లైనులో ఉండండి, ఇంకొకరి ఫోన్‌లో యాప్ చూడండి.

కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి

ఏదీ కుదరక, ఆలస్యంగా కౌంటర్‌కి చేరారనుకుందాం. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, లారీ పడింది, రోడ్డు జామ్ అయింది, మూడు గంటల ముందే బయలుదేరాం అని కథ మొదలుపెడతారు. అవతలి మనిషికి అది తెలియాల్సిన పని లేదు. వాళ్లకి తెలియాల్సింది మీరు ఏ ఫ్లైట్, చెక్-ఇన్ అయిందా, బ్యాగు ఉందా, ఈ మూడే. మీరు కథ పూర్తిచేసేలోగా రెండు నిమిషాలు పోతాయి.

కౌంటర్ మూశాక వాళ్లు తెరవలేకపోవడానికి కారణం కూడా ఉంది. ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంత బరువు లోపలికి వెళ్తోంది అన్న లెక్క అప్పటికి పైలట్‌కి వెళ్లే కాగితంలోకి చేరుతుంది. దాన్ని బట్టే బరువు విమానంలో ఎక్కడెక్కడ సర్దాలో, ఇంధనం ఎంతో తేలుస్తారు. అందుకని అరిచినా, బతిమాలినా కౌంటర్లోని అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. ఆవిడతో గొడవ పడితే రాత్రి ఫ్లైట్‌లో మిగిలిన రెండు సీట్లు వేరేవాళ్లకి వెళ్లిపోతాయి.

గేటు ఇంకా మూయలేదనిపిస్తే ఇలా చెప్పండి:

"మేడమ్, 4:20 హైదరాబాద్. వెబ్ చెక్-ఇన్ అయింది, చేతి సంచే ఉంది. గేటు తెరిచే ఉందా? ఉంటే తనిఖీ దగ్గర ముందుకు పంపించమని ఎవరికైనా చెప్పగలరా?"

బోర్డింగ్ పాస్ తెరిచిన ఫోన్ చేతిలో పట్టుకుని చెప్పండి. కుదిరితే మనిషిని తోడు పంపుతారు, కుదరకపోతే వెంటనే చెప్పేస్తారు. నడవలేని పెద్దవాళ్లుంటే వీల్‌చైర్ కావాలని అదే మాటలో అడగండి. అయితే అది వచ్చేసరికి కొన్ని నిమిషాలు పడుతుందని లెక్కలో వేసుకోండి.

ఫ్లైట్ పోయిందని తేలితే మాట మార్చాలి. ఈ మధ్య ఒక తమ్ముడు బెంగళూరు ఫ్లైట్‌కి పెద్ద బ్యాగుతో కౌంటర్ మూసిన పావుగంటకి చేరాడు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టించి ఈ వరసలో అడిగించాను:

"సర్, ఈ ఫ్లైట్ పోయిందని అర్థమైంది. ఈ రోజే వెళ్లాలి. ఇదే టికెట్‌ని తర్వాతి ఫ్లైట్‌కి మారిస్తే మొత్తం ఎంతవుతుంది? కొత్త టికెట్ తీసుకుంటే ఎంత? రెండూ చెప్పండి."

"మొత్తం" అన్న మాట తప్పకుండా వాడండి. ఫ్లైట్ పోయాక మార్చే వీలు ఇవ్వడం, ఇవ్వకపోవడం సంస్థ ఇష్టం. కొన్ని చోట్ల మీరు రాలేదని, అంటే నో-షో అని పూర్తిగా కొట్టేస్తారు, కొన్ని చోట్ల అదనపు ఛార్జీ తీసుకుని మారుస్తారు. అమెరికాలో ఫ్లైట్ తప్పినవాళ్లు రెండు గంటల్లోపు కౌంటర్‌కి వస్తే తర్వాతి దానిలో ఉచితంగా ఎక్కించే అలవాటు కొన్ని సంస్థలకి ఉందని నెట్‌లో కనబడుతుంది. ఇక్కడ దాన్ని హక్కులా అడిగితే పని కాదు. "మేనేజర్ గారి దగ్గర ఏమైనా వీలుంటే చూడండి" అని ఒక్కసారి మర్యాదగా అడగండి. కాదంటే అక్కడితో వదిలేయండి.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న దాదాపు అందరూ మర్చిపోతారు: "రాను పోను ఒకే టికెట్. తిరుగు ప్రయాణం రద్దు కాకుండా చూస్తారా?" కొన్ని సంస్థల్లో మొదటి ప్రయాణానికి రాకపోతే అదే పీఎన్‌ఆర్‌లోని మిగతా ప్రయాణాలు కూడా రద్దయిపోతాయి. వారం తర్వాత బెంగళూరులో కౌంటర్ దగ్గర ఆ సంగతి తెలిస్తే ఇంకో టికెట్ ఖర్చు. ఆ తమ్ముడికి తిరుగు టికెట్ ఉంది. దాన్ని అలాగే ఉంచామని కౌంటర్లో ఈమెయిల్ పంపించారు. నోటిమాటతో సరిపెట్టుకోకండి, ఈమెయిలో మెసేజో వచ్చేదాకా అక్కడే ఉండండి.

చివరిగా పన్నుల రీఫండ్. "నో-షో అయిన టికెట్‌కి పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి కావాలి, ఎలా పెట్టాలి?" అని అడగండి. ఎక్కువ సంస్థల సైట్లలో దీనికి ఫారం ఉంటుంది. నాలాంటి ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ అయితే మా దగ్గరికి రండి, మేమే పెడతాం. ఏజెంట్ పట్టించుకోకపోయినా ఆ డబ్బు ఇప్పించే బాధ్యత విమాన సంస్థదే. మనిషికి ఆరేడు వందలే కావచ్చు, నలుగురున్న కుటుంబానికి అది కారు కిరాయిలో సగం.

రైలు

హైదరాబాద్ వెళ్లేవాళ్లకి నేను చాలాసార్లు రైలే చెబుతాను, ముఖ్యంగా రాత్రి ఫ్లైట్ ధర చుక్కలనంటినప్పుడు. మర్నాడు ఉదయానికి అక్కడుంటే చాలనుకునే పని అయితే గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం విశాఖలో ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. ఇంకా రణస్థలం కూడా దాటకుండా ఇరుక్కుంటే వెనక్కి తిరిగి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్లి ఫలక్‌నుమా లాంటి రైలు పట్టుకోవచ్చు, నగరంలోకే వెళ్లే పని లేదు.

ఆ రోజు ప్రయాణానికి తత్కాల్ దొరకదు, అది ముందు రోజు తెరుచుకునేది. మీరు చూడాల్సింది కరెంట్ బుకింగ్. చార్టు తయారయ్యాక మిగిలిపోయిన సీట్లను రైలు బయలుదేరే అరగంట ముందు దాకా అమ్ముతారు. యాప్‌లో సీటు పక్కన CURR_AVBL అని కనబడితే అదే. పండగ రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సంక్రాంతికి అసలు దొరకదు.

బెంగళూరు, చెన్నై, ఢిల్లీ వెళ్లేవాళ్లకి ఆ రోజే చేరాలంటే రైలు పనికిరాదు. వాళ్లు హైదరాబాద్ మీదుగా వెళ్లే ఫ్లైట్లు కూడా చూడాలి, నేరుగా వెళ్లేదానికంటే ఒక్కోసారి చవకగానే దొరుకుతాయి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒక మాట

మన ప్రాంతం నుంచి మస్కట్, దుబాయ్ వెళ్లేవాళ్లు చాలామంది విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో సంస్థలో వేరే టికెట్ కొంటారు. రెండూ ఒకే పీఎన్‌ఆర్ కాకపోతే మొదటిది తప్పినందుకు రెండో సంస్థకి ఏ బాధ్యతా లేదు. అలాంటప్పుడు విశాఖ ఫ్లైట్ పోతుందని తెలియగానే, దాన్ని చూసుకోక ముందే రెండో సంస్థకి ఫోన్ చేసి ఆ టికెట్ మార్చుకోండి. ఖరీదైనది అదే. అంతర్జాతీయ టికెట్లకు మార్చుకునే గడువు బయలుదేరడానికి రెండు గంటల కంటే ముందే ముగిసిపోతుంది. రెండు టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే కౌంటర్‌లో మొదటి మాటగా "చివరి దాకా ఒకే టికెట్, మొత్తం ప్రయాణం మార్చాలి" అని చెప్పండి. లేకపోతే హైదరాబాద్ వరకే మార్చి పంపేస్తారు.

తల్లీకొడుకులు 4:35కి చేరి, నాలుగు గంటలు విమానాశ్రయంలోనే కూర్చున్నారు. సూట్‌కేసు కౌంటర్‌లో ఇచ్చేశారు, అమ్మగారికి వీల్‌చైర్ ముందే అడిగి పెట్టుకున్నారు. రాత్రి 10:30కి అబ్బాయి శంషాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అపాయింట్‌మెంట్ ఉదయం 9 గంటలకి.